ఆదివారం నీళ్ళు, మంగళవారం రాయి

మా ఆయన నలుగురిలో కూర్చున్నప్పుడు ఈ కథ ఇలా చెబుతారు. "మా ఆవిడకి నీళ్ళు తాగడమంటే బద్ధకమండీ. పెళ్ళయినప్పట్నుంచీ మొత్తుకుంటున్నా, వింటేనా. ఆఖరికి కిడ్నీలో రాయి తయారై క్లాసులో పిల్లల మధ్య కుప్పకూలింది. నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళా." విన్నవాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు. ఒకావిడ టమాటా గింజలు తీసేసి వండుకోమంటుంది. ఒకాయన బీరు తాగమంటాడు. ఇంకొకరు ఉలవల నీళ్ళంటారు. ప్లేటులో పులిహోర పెట్టుకుని అందరూ యూరాలజిస్టులే.

ఇందులో నిజం రాయి ఒకటి, ఆయన కారు నడపడం ఒకటి. నాకు బద్ధకం లేదు. నేను కుప్పకూలలేదు కూడా. అది కుప్పకూలే నొప్పి కాదు. అంత అదృష్టం ఉంటే ఒక మూల పడి ఉండేదాన్ని.

అమెరికాలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఒక డేకేర్‌లో నేను టీచర్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి రెండేళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తున్నానని మా వాళ్ళు కొందరు బాధపడతారు. ఆ బాధ వాళ్ళనే పడనిస్తాను. మా గదిలో పిల్లలు పద్దెనిమిది మంది, పెద్దవాళ్ళం ఇద్దరం. ఇంతమంది పిల్లలకి ఇంతమంది పెద్దలు గదిలో ఉండి తీరాలని రాష్ట్రం రూలు. దాన్ని రేషియో అంటాం. ఇద్దరిలో ఒకరు బయట కాలు పెట్టాలంటే ఫ్లోటర్ రావాలి. ఫ్లోటరంటే గది గదికీ తిరిగి మా బదులు కాసేపు నిలబడే మనిషి. ఆరు గదులకి ఒక్కత్తే. పైగా గోడ మీద కెమెరా. అమ్మానాన్నలు ఆఫీసుల్లో కూర్చుని ఫోన్లో మమ్మల్ని చూస్తుంటారు. రేషియో ఒక్క నిమిషం తప్పినా ఎవరో ఒకరు ఫ్రంట్ డెస్క్‌కి మెసేజ్ పెడతారు.

పెద్దవాళ్ళ బాత్రూం హాలు చివర, వంటగది పక్కన. పిల్లలది గదిలోనే, మోకాలి ఎత్తున. గంటన్నరకోసారి పద్దెనిమిది మందినీ వరసగా అక్కడికి తీసుకెళ్ళి, వెళ్ళినవాళ్ళకి చార్టులో స్టికర్ అంటించడం నా ఉద్యోగం. "ఆపుకోకూడదు నాన్నా, వస్తే చెయ్యెత్తు" అని రోజుకి నలభైసార్లు చెప్పేది నేనే. ఉదయం ఏడున్నరకి లోపలికి వెళ్తే నా వంతు లంచ్ బ్రేక్‌లో ఒకసారి, నాలుగింటికి ఇంటికొచ్చాక ఒకసారి. రెండు నెలలు పనిచేశాక శరీరం తెలివి తెచ్చుకుంటుంది. నీళ్ళు తాగితే కదా వెళ్ళాలి? తాగడం మానేస్తుంది. నా బాటిల్ పై షెల్ఫులో ఉండేది, పిల్లలకి అందకుండా. నాలుగేళ్ళలో నాకూ అందలేదు.

ఆ రోజు మంగళవారం. పదింపావుకి పిల్లలు యాపిల్ ముక్కలు తింటున్నారు. కుడివైపు, పక్కటెముకల కింద, వీపు దగ్గర ఎవరో బొటనవేలితో నొక్కినట్టు మొదలైంది. ఐదు నిమిషాల్లో అది బొటనవేలు కాదు, పట్టుకారు. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే వంగాలనిపిస్తుంది. ఏ భంగిమా దానికి నచ్చదు. పిల్లల బూట్లు పెట్టే అరల మీదకి వంగి, నుదురు చెక్కకి ఆనించి ఊపిరి లెక్కపెట్టుకున్నాను.

నాతో పనిచేసే అమ్మాయి కరీంనగర్ పిల్ల. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది.

"ఏమైందక్కా? గట్లున్నవేంది?"

"గ్యాస్."

"గ్యాస్‌కి గింత చెమట పడ్తదా? ఇంటికి పో అక్కా."

"నేను పోతే నువ్వు ఒక్కదానివి, వీళ్ళు పద్దెనిమిది మంది. ఫ్లోటర్ ఏదీ?"

ఫ్లోటర్ పసిపిల్లల గదిలో ఇరుక్కుంది. ఫ్రంట్ డెస్క్‌కి ఇంటర్‌కమ్ చేస్తే ఇరవై నిమిషాలన్నారు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. దాని గాజులోంచి హాలూ, హాలు చివర వెలుతురూ కనిపిస్తున్నాయి. నేను దాటడానికి లేదు. ఈలోగా ఇంటర్‌కమ్‌లో మా డైరెక్టర్ గొంతు. ఆవిడ గుంటూరావిడ. అందరినీ అండీ అనే పిలుస్తుంది, అందులో మర్యాద ఎంతో తూకం వేయడం కష్టం. "ఏవండీ, ఒక పేరెంట్ అడుగుతున్నారు, మీరు పిల్లలతో ఎంగేజ్ అవ్వకుండా అరల మీద వాలారట. అంతా ఓకేనా?"

ఎంగేజ్ అవుతున్నానండీ, నొప్పితో, అనాలనుకున్నాను. "ఓకే అండీ" అన్నాను.

అప్పుడు నొప్పి తగ్గింది. తగ్గడమంటే మామూలుగా కాదు, ఎవరో స్విచ్ ఆపినట్టు. ఒళ్ళు తేలికైపోయింది. పాట పాడాను, చేతులు కడిగించాను. ఫ్లోటర్ వస్తే "అక్కర్లేదమ్మా, బానే ఉంది" అని పంపేశాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నలభై నిమిషాలకి మళ్ళీ వచ్చింది, ఈసారి వీపు నుంచి గజ్జల దాకా దారి చేసుకుని. మూడోసారి వచ్చినప్పుడు పిల్లల సింకులో వాంతి చేసుకున్నాను. ఒక పిల్లాడు వచ్చి నా వీపు నిమిరి, నేను వాడికి చెప్పే మాటే నాకు చెప్పాడు. "ఇట్స్ ఓకే, లెట్ ఇట్ అవుట్." వాంతయితే రేషియో లెక్కలోకి రాదు, అంటురోగం లెక్కలోకి వస్తుంది. ఐదు నిమిషాల్లో నన్ను బయటికి పంపేశారు. అంటే తలుపు తెరవాలనుకుంటే ఐదు నిమిషాలు చాలన్నమాట.

ఎమర్జెన్సీలో ఇంకో తమాషా. కారులో సీటు బెల్టు కొరుకుతూ వచ్చినదాన్ని, నర్సు "పదికి ఎంత నొప్పి" అని అడిగే సమయానికి అలల మధ్య ఖాళీలో ఉన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "రెండు" అన్నాను. సరే, కూర్చోమంది.

మా ఆయన నా వైపు చూసి, "రెండా? రెండుకేనా నన్ను మీటింగులోంచి లేపుకొచ్చావు?" అన్నారు.

"ఇప్పుడు రెండు. ఆగండి, వస్తుంది."

"బస్సా ఏంటి, వస్తుందనడానికి?"

వచ్చింది. ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళి గోడ పట్టుకుని నేను చేసిన శబ్దానికి ఆయనే లేచి పరిగెత్తారు. ఆ తరవాత ఎవరూ నన్ను అంకెలు అడగలేదు. ఐవీలో ఇంజెక్షన్ ఇచ్చారు, జ్వరం ఉందా చలి ఉందా అని రెండుసార్లు అడిగారు, స్కాన్ తీశారు. జ్వరం ఎందుకంటే, రాయి అడ్డుపడిన చోట వెనకాల ఇన్‌ఫెక్షన్ కూడా చేరితే అది నొప్పి సంగతి కాదట, ప్రాణం సంగతి. నాకు లేదు. ఉన్నవి రెండు రాళ్ళు. కుడివైపుది ఐదు మిల్లీమీటర్లు, కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టంలో. ఎడమవైపుది నాలుగు మిల్లీమీటర్లు, కిడ్నీలోనే కదలకుండా.

కుడివైపుది తొమ్మిది రోజులకి బయటపడింది. జల్లెడ లాంటి గరాటు ఇచ్చారు, ప్రతిసారీ అందులోంచి వడపోయాలి. నువ్వుగింజ కంటే పెద్దది, మిరియం గింజ కంటే చిన్నది. ముళ్ళు ముళ్ళుగా, బెల్లం రంగులో. ల్యాబుకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అన్నారు. పాతికేళ్ళ క్రితం టెస్ట్‌ట్యూబులో తెల్లగా అడుగుకి దింపి మార్కులు తెచ్చుకున్న పదార్థమే.

ఎడమవైపుదే ఇప్పుడు సమస్య. అది అక్కడే ఉంది. పెరగకపోతే ఉన్నట్టే తెలియదు. పెరిగితే, కదిలితే, ఆ మంగళవారం మళ్ళీ వస్తుంది. మరీ పెరిగితే దానంతటది దిగదు, ఆపరేషన్ థియేటర్లో పగలగొట్టాలి. ఆ రోజు నుంచి నా బతుకంతా ఆ నాలుగు మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతోంది.

యూరాలజిస్టు నాకంటే చిన్నావిడ, గబగబా మాట్లాడే మనిషి. నేను వాదిస్తే సంతోషపడే డాక్టర్ని మొదటిసారి చూశాను. "నొప్పి అలలుగా ఎందుకు వచ్చింది? రాయి ఎప్పుడూ అక్కడే ఉంది కదా, నొప్పి కూడా ఎప్పుడూ ఉండాలి కదా?" అన్నాను.

ఆవిడ పేషెంట్లు పడుకునే బల్ల మీద పరిచిన కాగితం మీదే బొమ్మ గీసింది. ఆ గొట్టం ఊరికే వేలాడే పైపు కాదు, కండరం. మూత్రాన్ని అలలు అలలుగా కిందకి తోస్తూనే ఉంటుంది. దారిలో రాయి పడితే అది ఇంకా బిగించి తోస్తుంది. పైన కిడ్నీ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, మూత్రం వెనక నిండుతుంది, కిడ్నీ ఉబ్బి దాని పైపొర సాగుతుంది. అసలు నొప్పి ఆ సాగడానిది. రాయి కాస్త కదిలినా, పక్కనుంచి కొంచెం జారినా, కండరం అలిసి వదిలినా ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి పోతుంది. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ వస్తుంది.

"అయితే నొప్పి పోవడమంటే రాయి పోవడం కాదు."

"కాదు. చాలామంది అక్కడే మోసపోతారు."

నేను ఫ్లోటర్ని వెనక్కి పంపడం ఆవిడకి చెప్పలేదు.

"అప్పుడు గాలన్ నీళ్ళు తాగి ఉంటే కొట్టుకుపోయేదా?"

"లేదు. అడ్డుపడిన పైపులోకి ఇంకా పోస్తే ఏమవుతుంది? నీళ్ళు ముందు తాగాలి, రాయి పుట్టకముందు. రోజూ."

పుట్టడం సంగతి నాకు ఆవిడ చెప్పనక్కర్లేదు. పార్టీ అయ్యాక మిగిలిన గులాబ్‌జామ్ పాకం ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోతాం. నాలుగు రోజులకి గిన్నె అంచున పలుకులు కడతాయి. నీళ్ళు తక్కువ, పంచదార ఎక్కువ. కరిగి ఉండటానికి చోటు చాలక పలుకు అవుతుంది. పలుకుకి పలుకు అంటుకుంటుంది. కిడ్నీలోనూ అంతే. కాల్షియం, ఆక్సలేట్ ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. కలిసి ప్రవహించడానికి నీళ్ళు చాలకపోతే పలుకు కట్టి, కిడ్నీ గోడకి అతుక్కుని, పొర మీద పొర పెరుగుతుంది. తేడా ఒక్కటే. పాకం గిన్నెలో నీళ్ళు పోస్తే పలుకు కరుగుతుంది. నా రాయి కరగదు. నీళ్ళు దాన్ని పెరగనివ్వవు, తమ్ముణ్ణి పుట్టనివ్వవు, అంతే. నాలుగేళ్ళు ఏడున్నర నుంచి నాలుగింటి దాకా ఒంట్లో పాకం కాచుకున్న కెమిస్ట్రీ ఎమ్మెస్సీని నేను.

కాల్షియం రాయి కదా అని ఎవరో చెబితే పెరుగు మానేసి ఉన్నాను అప్పటికి. డాక్టర్ తల పట్టుకుంది. అన్నంలో పెరుగు ఉంటే పాలకూరలోని ఆక్సలేట్ పేగులోనే దాని కాల్షియంకి అంటుకుని బయటికి పోతుందట. పెరుగు మానేస్తే అది తిన్నగా కిడ్నీకి వెళ్తుందట. మానాల్సింది పెరుగు కాదు, ఆవకాయలో ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. నిమ్మకాయ పిండుకోవచ్చు. అన్నిటికంటే ముందు, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. తాగేది కాదు, పోయేది.

"ఆపుకోవడం వల్ల రాయి వస్తుందా?" అనడిగాను, స్కూలు మీద కేసు పెట్టేద్దామని.

"ఆపుకోవడం వల్ల కాదు. ఆపుకోవాల్సి వస్తుందని తాగకపోవడం వల్ల."

కేసు పోయింది. కానీ ఆ వాక్యం నాకు నచ్చింది.

తరవాత ఒక పరీక్ష. ఇరవై నాలుగు గంటల మూత్రం మొత్తం ఒక నారింజ రంగు డబ్బాలో పట్టి, చల్లగా ఉంచి, ల్యాబుకి పంపాలి. పొద్దున్నే మొదటిది వదిలేసి, అక్కడ్నుంచి మర్నాడు పొద్దున మొదటిదాకా చుక్క పోకుండా. స్కూలుకి డబ్బా ఎలా పట్టుకెళ్తాను? ఆదివారం పెట్టుకున్నాను. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఫ్రిజ్ తెరిచి అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ప్లీజ్. అది నా స్ట్రాబెర్రీస్ పక్కన ఉంది."

"మూత ఉందిగా."

"మూత ఈజ్ నాట్ ద పాయింట్, అమ్మా."

పళ్ళని పై అరకి మార్చాను. మా ఆయన ఆ రోజు ఫ్రిజ్ జోలికి రాలేదు, తన మజ్జిగ తను మర్చిపోయారు. నేను మాత్రం గంటకో గ్లాసు తాగాను. ఇక్కడే నా తప్పు. మనం ఏ పరీక్షనైనా పాసవ్వాలనే రాస్తాం. మనవాళ్ళకి పరీక్ష అంటే ఉన్నదున్నట్టు చూపించడం కాదు, మంచి మార్కులు తెచ్చుకోవడం. ఆదివారమంతా ఫస్టు క్లాసులో నీళ్ళు తాగాను.

ఫలితం చూసి డాక్టర్ కనుబొమలు ఎత్తింది. "రెండు లీటర్ల తొమ్మిది వందలు. అద్భుతం. నీళ్ళు మీ సమస్య కాదన్నమాట."

మా ఆయన కుర్చీలో కదిలారు. ఇరవయ్యేళ్ళ కథ ఆయన చేతుల్లోంచి జారిపోయింది మరి. "అయితే పాలకూరేనా డాక్టర్?" అన్నారు వెంటనే, కొత్త కథ కోసం.

నాకు ఒక్క క్షణం గర్వంగా ఉంది. ఆ తరవాత ఆవిడ రోజూ వేసుకునే ఒక మాత్ర గురించి చెప్పడం మొదలుపెట్టింది. తప్పుడు కాగితం చూసి ఆవిడ నాకు మందు రాస్తోంది. ఆ ఎడమవైపు రాయి కాగితం చదవదు.

"అది ఆదివారం" అన్నాను.

"అంటే?"

"ఆదివారం నేను ఇంట్లో ఉంటాను. తలుపులు నావి."

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "మీకు వారంలో ఇలాంటి రోజులు ఎన్ని?"

"రెండు."

"మిగతా ఐదు రోజుల్లో ఒకదాని డబ్బా తీసుకురండి. ఆదివారం తాగింది మంగళవారానికి దాచుకోలేరు."

అలా మంగళవారం నాడు ఐసు ప్యాకుల సంచిలో నారింజ డబ్బా పెట్టుకుని స్కూలుకి వెళ్ళాను. పెద్దవాళ్ళ బాత్రూంలో సింకు కింద దాచాను. పదకొండింటికి డైరెక్టర్ దాన్ని పట్టుకుంది.

"ఏవండీ, ఇది మీ లంచ్ బ్యాగా? వంటగది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చుగా."

"వద్దులెండి. పిల్లల పాల పక్కన బాగోదు."

చెప్పాక ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. తరవాత, నిజంగానే మంచి మనసుతో అంది, "అయ్యో, ఇవాళంతా ఫ్లోటర్ని మీ గదికే వేస్తానండీ. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వెళ్ళండి."

"వద్దండీ."

"ఎందుకు?"

"ఇవాళ అలా చేస్తే ఇది కూడా ఆదివారమే అవుతుంది. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచండి."

ఆవిడకి అర్థమైంది. మొహంలో తెలిసింది. కరీంనగర్ పిల్ల మాత్రం గది మధ్యలో నిలబడి నవ్వింది. "అక్కా, ఫ్లోటర్ ఇస్త అంటే వద్దన్న మనిషివి నువ్వొక్కదానివే. రేపు అడిగితే ఇయ్యరు చూడు."

ఆ రోజు కూడా స్కూల్లో ఒక్కసారే వెళ్ళాను. మర్నాటి పొద్దుటికి డబ్బాలో తొమ్మిది వందల మిల్లీలీటర్లు. తొమ్మిది వందలంటే నాకు ముందు అర్థం కాలేదు. డాక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. లోపలి సరుకు ఇంచుమించు అంతే, నీళ్ళు మూడో వంతు. "రాయి ఇక్కడ పెరుగుతోంది" అని మంగళవారం కాగితం మీద వేలు పెట్టింది. మాత్ర రాయలేదు. ఉత్తరం రాసింది. పని వేళల్లో నీళ్ళు తాగడానికి, బాత్రూంకి వెళ్ళడానికి అడ్డు లేకుండా చూడాలని, స్కూలు పేరు మీద. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి మడిచి ఇచ్చారు. వచ్చే పార్టీలో ఏం చెబుతారో చూడాలి.

డైరెక్టర్ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టింది. పదింటికీ రెండింటికీ ఫ్లోటర్ వస్తుందంది. రెండు వారాలు వచ్చింది కూడా. మూడో వారం పసిపిల్లల టీచర్ ఒకావిడ మానేసింది, ఫ్లోటర్ అక్కడ పర్మనెంటయింది. ఎవరి తప్పూ లేదు. తప్పు లేనిచోట పోట్లాడటం ఎంత కష్టమో నాలాంటి దానికే తెలుస్తుంది.

అయినా ఇప్పుడు నా బాటిల్ పై షెల్ఫులో లేదు, బల్ల మీదే ఉంది. ఎనిమిదింటికి ఒకటి ఖాళీ చేస్తాను, కెమెరా వైపు తిరిగి, కావాలనే. తొమ్మిదిన్నరకి ఇంటర్‌కమ్ నొక్కుతాను. ఎవరూ లేకపోతే డైరెక్టరే రావాలి. హైహీల్స్‌తో వచ్చి పద్దెనిమిది మంది మధ్య నిలబడుతుంది. ఒక్కోసారి ఎనిమిది నిమిషాలకి వస్తుంది, ఒక్కోసారి పాతిక్కి. ఆ పాతిక నిమిషాలు నేను తలుపు గాజులోంచి హాలు చివరి వెలుతురు చూస్తూ నిలబడతాను. ఎడమవైపు నడుము మీదకి చెయ్యి దానంతటదే వెళ్తుంది. అక్కడ ఏమీ తెలియదు. తెలియకపోవడమే అసలు భయం.

ఈ నెలాఖరుకి స్కాన్ ఉంది. నాలుగు మిల్లీమీటర్లు నాలుగే ఉందా, ఐదయిందా అప్పుడు తెలుస్తుంది. ఆ సంగతి స్కాన్ చెబుతుంది. నాకు జవాబు కావలసింది వేరే. మా గది గోడ మీద, పిల్లల బాత్రూం తలుపు పక్కన, డైరెక్టర్ సంతకంతో ఒక కాగితం ఉంది. ఏ పిల్లయినా చెయ్యెత్తితే వెంటనే తీసుకెళ్ళాలి, ఒక్క నిమిషం కూడా ఆపకూడదు అని. దాని కిందే నిలబడి రోజూ ఆవిణ్ణి అడుగుతున్నాను, ఆవిడ రోజూ నవ్వి ఊరుకుంటోంది: నేను చెయ్యెత్తితే ఎన్ని నిమిషాలండీ?